ఇనప పెనం మీద గుడ్డు అంటుకుంటోంది, నాన్‌స్టిక్ కొనేయాలా?

కొలంబస్, కొత్తగా వచ్చినవాడిని: అందరికీ నమస్కారం. ఎమ్మెస్‌కి వచ్చి నెలైంది. రూమ్‌లో పాతవాళ్లు కాస్ట్ ఐరన్ పెనం వదిలేసి వెళ్లారు. దాని మీద గుడ్డు వేస్తే తెల్లసొన అడుగున పట్టేస్తోంది. ఆమ్లెట్ అయితే ఊడదీసేసరికి పొరటు అవుతోంది. మాది కరెంటు కాయిల్ పొయ్యి. నాన్‌స్టిక్ కొనమంటారా?

డల్లాస్: తమ్ముడూ, ముందు పెనం మీద వేలితో రాసి చూడు. జిగటగా ఉంటే ఎవరో నూనె ఎక్కువ పూసి, సరిగ్గా కాల్చకుండా వదిలేశారు. సబ్బు, వేడినీళ్లతో గట్టిగా తోమి, పొయ్యి మీద పెట్టి తడి ఆరనివ్వు. తర్వాత అర చెంచా నూనె అంతటా రాసి, అసలు రాయనట్టే పేపర్ టవల్‌తో తుడిచేయి. ఓవెన్‌లో బోర్లించి 450 ఫారెన్‌హీట్‌లో గంట ఉంచి, అందులోనే చల్లారనివ్వు.

గుడ్డు వేసే రోజు మీడియం కంటే కాస్త తక్కువలో 5 నిమిషాలు కాగనివ్వు. ఇనుములో వేడి మెల్లగా పాకుతుంది, తొందరపడితే కాయిల్ తగిలే చోటే మాడుతుంది. నీటిచుక్క వేస్తే చుయ్యిమని ఎగిరిపోవాలి. అప్పుడు చెంచా నూనె, ఆ తర్వాతే గుడ్డు. అంచు గట్టిపడేదాకా అట్లకాడ పెట్టకు. తెల్లసొన పచ్చిగా ఉండగా కదిపితే చిరిగిపోతుంది.

న్యూజెర్సీ: సబ్బా! ఇనుముకి సబ్బు అస్సలు తగలకూడదు. మా అమ్మ సగం ఉల్లిపాయని నూనెలో ముంచి రుద్దేది, అంతే.

డల్లాస్: అక్కా, పాతకాలపు సోడా సబ్బులతో ఆ ఇబ్బంది ఉండేది. ఇప్పటి గిన్నెల లిక్విడ్ కాలి గట్టిపడ్డ నూనె పొరను తీయదు. నీళ్లలో నానబెడితేనే తుప్పు పడుతుంది. ఉల్లిపాయ అట్లకి బాగుంటుంది కానీ జిగటని వదిలించదు.

ఫ్రీమాంట్: మాది నాన్‌స్టిక్కే, అయినా అంటుకుంటోంది. కొని ఏడాది కూడా కాలేదు. రోజూ ఆయిల్ స్ప్రే కొడతాం.

షికాగో: ఆ స్ప్రేనే కారణం అయ్యుండొచ్చండీ. చాలా స్ప్రేల్లో లెసిథిన్ ఉంటుంది, అది కాలి గోధుమరంగు జిగురులా పేరుకుంటుంది. మామూలు నూనె రెండు చుక్కలు చాలు. ఖాళీ నాన్‌స్టిక్‌ని హై మీద కాగబెట్టకండి, పూత పాడవుతుంది. తమ్ముడూ, ఆమ్లెట్ కోసం 8 అంగుళాల నాన్‌స్టిక్ ఒకటి తీసుకో. ఇనుము బరువు, ఒంటిచేత్తో వంచలేవు.

డల్లాస్: నేను మాత్రం ఆమ్లెట్ కూడా ఇనుము మీదే వేస్తాను. పెనం అలవాటు పడటానికి కొన్ని వారాలు పడుతుంది.

కొలంబస్: శనివారం చెప్పినట్టే చేశాను. ఈరోజు గుడ్డు పెనాన్ని వంచగానే జారింది! ఆమ్లెట్ మాత్రం టమాటా ముక్కలున్న చోట ఇంకా పట్టింది.

డల్లాస్: ముక్కలు పచ్చివే వేశావా? వాటి నీరు దిగితే అక్కడ పెనం చల్లబడుతుంది. ముందు వేరే గిన్నెలో తడి ఇంకేదాకా మగ్గించి, ఆమ్లెట్ సగం గట్టిపడ్డాక పైన చల్లి చూడు.