అప్‌డేట్: బీమ్‌లో స్టీల్ కిందే ఎందుకు?

నా ప్రశ్న: బీమ్‌లో మెయిన్ రాడ్లు కిందే ఎందుకు వేస్తారు, పైన వేస్తే ఏమవుతుంది?

అందరికీ థాంక్స్. మీరు చెప్పినట్టే లెక్క వేసి చూశాను. రెండు చివర్లా ఆనించిన 4 మీటర్ల సింప్లీ సపోర్టెడ్ బీమ్, 230 × 450 మి.మీ., ఎం20 కాంక్రీట్, సొంత బరువుతో కలిపి మీటరుకు 20 కిలోన్యూటన్ల లోడ్. మధ్యలో బీమ్‌ను వంచే మూమెంట్ wl²/8 ప్రకారం 40 kNm వస్తుంది. వంగేటప్పుడు కాంక్రీట్ తట్టుకునే లాగుడుకు కాంక్రీట్ కోడ్ ఐఎస్ 456 ఇచ్చే 0.7√fck తో చూస్తే ఉత్త కాంక్రీట్ సుమారు 24 kNm దగ్గరే కింది అంచున పగులుతుంది, పై అంచు నలగడానికి ఇంకా చాలా దూరం ఉండగానే. స్టీల్ వేసినా ఆ పగులు ఆగదు (నాకు కొత్తగా తెలిసింది ఇదే), సన్నగా వస్తుంది, అక్కడి నుంచి లాగుడంతా రాడ్లు మోస్తాయి, పైన కాంక్రీట్ నొక్కుడు మోస్తుంది. రాడ్లన్నీ పైనే ఉంటే ఆ పగులుకు అడ్డేమీ లేదు, బీమ్ ఒక్కసారిగా విరుగుతుంది.

బాల్కనీ, సన్‌షేడ్ లాంటి కాంటిలివర్లలో మాత్రం తలకిందులు, టెన్షన్ పైన. 100 మి.మీ. స్లాబులో పై నుంచి 25 మి.మీ. లోతులో ఉండాల్సిన రాడ్లు పోతపోసేటప్పుడు కాళ్ల కింద పడి 60కి దిగితే కింది అంచు నుంచి రాడ్ల దాకా కొలిచే ఎఫెక్టివ్ డెప్త్ 75 నుంచి 40కి పడుతుంది, బలం దాదాపు సగం పోయినట్టే. అందుకే కింద రాడ్లను ఎత్తి పట్టే చైర్లు పెట్టాలి. సపోర్ట్ దగ్గర పైభాగంలో అడ్డంగా పగులు కనిపిస్తే ముందు అనుమానించాల్సింది దీన్నే.