రెగెక్స్‌లో .*? పెట్టినా రెండు గుర్తుల మధ్య ఎక్కువ పట్టేస్తోంది, ఎందుకు?

అందరికీ నమస్కారం. మా కొట్టు బాకీల ఫైల్‌లో పేర్లు [[ ]] మధ్య ఉంటాయి. పైథాన్‌లో వాటిని మాత్రమే బయటికి తీయాలి.

```python
s = "[[రవి]] బాకీ 500, [[లత]] బాకీ 200"
re.findall(r"\[\[(.*)\]\]", s)
# ['రవి]] బాకీ 500, [[లత']
```

ఇది ఎందుకో అర్థమైంది. .* ముందు లైన్ చివరిదాకా మింగేసి, తర్వాత ఒక్కో అక్షరం వదులుతూ వెనక్కి వస్తుంది. అలా వచ్చేటప్పుడు మొదట దొరికేది ఆఖరి ]] కదా! .*? పెడితే రవి, లత విడివిడిగా వచ్చాయి.

కానీ కొన్నిచోట్ల టైప్ చేసినవాళ్లు ]] మర్చిపోయారు:

```python
s = "[[రవి బాకీ 500, [[లత]] బాకీ 200"
re.findall(r"\[\[(.*?)\]\]", s)
# ['రవి బాకీ 500, [[లత']
```

నాన్-గ్రీడీ అంటే అతి చిన్న ముక్క ఇస్తుందనుకున్నా. చూస్తే, అది ఎడమవైపు మొదటి [[ దగ్గరే మొదలై, అక్కడి నుంచి దగ్గరి ]] వెతుకుతోంది. మొదలును మాత్రం ముందుకు జరపదు.

[^\[\]]* వాడలేను, "లత [చిన్న] గారు" లాంటి పేర్లున్నాయి. చివరికి ఇది రాశా:

```python
r"\[\[((?:(?!\[\[).)*?)\]\]"
```

ఇప్పుడు లత మాత్రమే వస్తోంది. ప్రతి అక్షరం దగ్గరా (?!...) చూడటం వల్ల పెద్ద ఫైల్‌లో బాగా నెమ్మదిస్తుందా? ఇంతకంటే తేలికైన దారి ఉందా? అలాగే, మూయని [[ ఉన్న లైన్లను విడిగా పట్టుకోవడం ఎలాగో కూడా చెప్పగలరా? రవి బాకీ వదులుకోలేను మరి!