4,200 రకాల బేరింగులు, లెక్కించడానికి ముగ్గురం: శాంపిల్ ఎలా తీయాలి?

ఆర్టికల్ విద్యార్థి: రాణీగంజ్‌లోని ఒక డీలరు గోదాములో 4,200 రకాల బేరింగులున్నాయి, స్టాక్ షీటు ప్రకారం వాటి విలువ 6 కోట్లు. అన్నీ లెక్కించాలంటే వారం పడుతుంది, మాకున్నది ఒక్క రోజు. 30 లక్షలకు మించిన తేడా ఉంటే ఒప్పుకోలేమని మా సార్ నిర్ణయించారు. ఎన్ని రకాలు లెక్కిస్తే సరిపోతుంది?

రెండో ఏడాది: కళ్ళు మూసుకుని పది శాతం తీయండి, అంటే 420 రకాలు. మేము ఎప్పుడూ అలాగే చేస్తాం.

పాత ఆడిటర్: ఎంపికలో మన ఇష్టం ఉండకూడదన్నంతవరకు అది నిజమే. అయితే ఆ 420లో ఎక్కువ భాగం వంద రూపాయల సరుకే వచ్చి, లక్షల విలువైన పెద్ద బేరింగులు తప్పించుకోవచ్చు. అందుకని రకాన్ని కాక రూపాయిని ఎంచుకోండి. 6 కోట్లలో 30 లక్షలు తప్పయితే ప్రతి 20 రూపాయల్లో ఒకటి తప్పన్నమాట. అటువంటి రాశిలోంచి 60 రూపాయలు తీస్తే ఒక్క తప్పూ తగలకపోయే అవకాశం 5 శాతం లోపే. కనుక 10 లక్షల లోపు ఏదో ఒక అంకెతో మొదలుపెట్టి, షీటులోని విలువలను కూడుకుంటూ పోయి, ప్రతి 10 లక్షలకు ఒక రూపాయి చొప్పున గుర్తించి, అది ఏ రకంలో పడితే ఆ రకాన్ని పూర్తిగా లెక్కించండి.

బేగంబజార్ వ్యాపారి: మా కొట్టుకు బ్యాంకు తరఫున వచ్చినవారు కూడా ఇలాగే కొన్ని పెట్టెలు చూసి వెళ్ళారు. బిల్లు రాక పుస్తకాల్లో ఎక్కని సరుకు వెనకగదిలో ఉన్నా, దాని గురించి వారు అడగనే లేదు.

పాత ఆడిటర్: మీరు చెప్పింది వేరే పని అయినా మంచి విషయం గుర్తుచేశారు. షీటులో లేని సరుకుకు రూపాయే లేదు కనుక ఈ పద్ధతిలో అది ఎన్నటికీ తగలదు. దాని కోసం అరల నుంచి కొన్ని సరుకులు విడిగా ఎంచుకుని, అవి షీటులో ఉన్నాయో లేదో చూడవలసిందే.

ఆర్టికల్ విద్యార్థి: నిన్న లెక్కించాం. షీటులో 40,000 ఉన్న ఒక రకం 30,000కే తేలింది, మిగిలినవన్నీ సరిపోయాయి. తేడా పదివేలే కదా, వదిలేయవచ్చా?

పాత ఆడిటర్: వదలకూడదు. ఆ రకంలో తప్పు 25 శాతం, అది 10 లక్షలకు ప్రతినిధి, కనుక మొత్తం మీద అంచనా తేడా 2.5 లక్షలు. ఒక్క తప్పూ లేనప్పుడే మొత్తం సరుకులో ఉండగల తేడాకు పై హద్దు సరిగ్గా 30 లక్షలు. ఈ తప్పుతో అది 34 లక్షలు దాటుతుంది. తప్పులు ఉంటాయని మొదటే అనుమానముంటే ఆ 10 లక్షల అంతరాన్ని తగ్గించి, ఇంకా ఎక్కువ రూపాయలు తీయవలసింది.

ఆర్టికల్ విద్యార్థి: మార్చి 31న ఆ తగ్గిన సరుకు చలానాతో బయటికి వెళ్ళిందనీ, బిల్లు ఏప్రిల్‌లో వేశారనీ స్టోర్‌కీపర్ చెబుతున్నారు.

రెండో ఏడాది: అయితే అది ఒక్కసారి జరిగిన పొరపాటే, అంచనాలో కలపనక్కరలేదు.

పాత ఆడిటర్: అలా పక్కన పెట్టడాన్ని ఆడిట్ శాంపిలింగ్ ప్రమాణమైన ఎస్‌ఏ 530 అత్యంత అరుదైన సందర్భాల్లో మాత్రమే, అదీ గట్టి ఆధారం ఉంటేనే అనుమతిస్తుంది. స్టోర్‌కీపర్ మాట ఆధారం కాదు. ఏడాది చివరి వారం చలానాలన్నీ బిల్లులతో పోల్చండి.

రెండో ఏడాది: అవన్నీ సరిపోయినా కలపాలంటారా? నాకింకా ఒప్పుదల కావడం లేదు.

ఆర్టికల్ విద్యార్థి: చలానా పుస్తకం రేపు ఇస్తామన్నారు. చూసి ఇక్కడే రాస్తాను.