‘నాన్-బ్లాకింగ్’ను ‘అడ్డంకి లేని’ అంటే సరిపోతుందా?

ఉమ: మా కళాశాల ల్యాబుకు కొనబోయే నెట్‌వర్క్ స్విచ్ గురించి పాలకమండలికి తెలుగులో నివేదిక రాస్తున్నాను. డేటాషీటులో ఒక్కొక్క గిగాబిట్ పోర్టులు 24, పది గిగాబిట్ల పోర్టులు 4 ఉన్నాయని, స్విచింగ్ కెపాసిటీ సెకనుకు 128 గిగాబిట్లని, ఫార్వర్డింగ్ రేటు సెకనుకు 95.24 మిలియన్ ప్యాకెట్లని, ఇది నాన్-బ్లాకింగ్ అని ఉంది. ఈ చివరి మాటకు ‘అడ్డంకి లేని’ అని రాశాను. అది చదివిన సభ్యులొకరు ‘అయితే ఇక నెమ్మదించడమన్నదే ఉండదన్నమాట’ అన్నారు. తప్పు నా అనువాదానిదేనా?

రమేశ్: మా ఆఫీసులోనూ చాలా సైట్లు బ్లాక్ చేశారండీ. ఈ స్విచ్ పెడితే అవి తెరుచుకుంటాయా?

ఉమ: లేదండీ, అది ఫైర్‌వాల్ చేసే పని. ఇక్కడి బ్లాకింగ్‌కు సైట్లతో సంబంధం లేదు.

ప్రసాద్: లెక్క చూసుకుంటే చాలు. ఇరవై నాలుగూ, నాలుగు పదులూ కలిపితే 64, దానికి రెట్టింపు 128. డేటాషీటు కూడా 128 అంటోంది కనుక నాన్-బ్లాకింగ్ అన్నది రుజువైనట్లే. ప్యాకెట్ల సంఖ్య అదే విషయాన్ని మరో రూపంలో చెబుతుంది కాబట్టి నివేదికలో దాన్ని వదిలేయవచ్చు.

సుబ్బారావు: ప్రసాద్ గారి మొదటి లెక్క సరైనదే. రెట్టింపు ఎందుకంటే ప్రతి పోర్టులోనూ ఒకే సమయంలో లోపలికి వచ్చేదీ బయటికి పోయేదీ ఉంటాయి. బస్సు ఛార్జీలకు మనం ‘రానుపోను’ అంటామే, సరిగ్గా అదే ఇది. నివేదికలో ‘రానుపోను 128’ అని రాస్తే, 128 గిగాబిట్లు ఒకే దిక్కున పోతాయన్న పొరపాటు ఎవరికీ కలగదు.

ప్యాకెట్ల సంఖ్యను మాత్రం వదలకూడదు. ఈథర్నెట్‌లో ప్యాకెట్‌ను మోసే అతి చిన్న ఫ్రేము 64 బైట్లు. తీగ మీద దాని ముందు వచ్చే 8 బైట్లూ, తరువాత విడిచే 12 బైట్ల ఖాళీ కలిపితే 84 బైట్లు, అంటే 672 బిట్లు అవుతాయి. ఆ లెక్కన ఒక గిగాబిట్‌లో సెకనుకు 1.488 మిలియన్ ఫ్రేములు పడతాయి. పోర్టుల మొత్తం వేగమైన 64తో హెచ్చవేస్తే 95.24 మిలియన్లు వస్తాయి. ఇక్కడ రెట్టింపు చేయకూడదు, ఎందుకంటే వచ్చిన ప్యాకెట్టే బయటికి పోతుంది కనుక దాన్ని ఒక్కసారే లెక్కిస్తారు. మరో స్విచ్ డేటాషీటులో ఇవే పోర్టులకు 128 అనే ఉండి, ప్యాకెట్లు 71.4 మిలియన్లే ఉన్నాయనుకోండి. చిన్న ఫ్రేములతో అది 64కు బదులు 48 గిగాబిట్ల వరకే మోయగలదు. పెద్ద ఫైళ్లకు ఆ తేడా తెలియదు, ఎందుకంటే 1518 బైట్ల ఫ్రేములైతే 64 గిగాబిట్లకు సెకనుకు 5.2 మిలియన్లు చాలు.

ఇక మాట సంగతి. నేను టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో పనిచేసినవాణ్ణి. అవతలి ఫోను ఖాళీగా ఉన్నా, ఎక్స్ఛేంజి లోపల దారి దొరకక కాల్ కలవకపోతే దాన్ని మేము బ్లాకింగ్ అనేవాళ్లం. అవతలివారే మాట్లాడుతూ ఉంటే అది బిజీ, బ్లాకింగ్ కాదు. 1953లో బెల్ లాబ్స్‌కు చెందిన చార్లెస్ క్లాస్ నాన్-బ్లాకింగ్ అమరికల మీద వ్యాసం రాసింది ఈ లోపలి దారుల గురించే. ఉమ గారి ‘అడ్డంకి లేని’ అన్న మాటలో ఆ ‘లోపల’ అన్నది జారిపోయింది.

ఉమ: మా ల్యాబులో సాయంత్రం 24 కంప్యూటర్లూ ఒకే సర్వరుకు బ్యాకప్ పంపుతాయి. అది బిజీ కిందికి వస్తుందా?

సుబ్బారావు: అవునమ్మా. ఒక్కోటి 20 గిగాబైట్లు పంపితే మొత్తం 480 అవుతాయి. సర్వరు గిగాబిట్ పోర్టులో ఉంటే, ఎంత మంచి స్విచ్ అయినా దానికి 64 నిమిషాలకు తక్కువ పట్టదు. లోపల దారులన్నీ ఖాళీగానే ఉంటాయి, గుమ్మం మాత్రం ఒక్కటే. ఆ గుమ్మం దగ్గర ప్యాకెట్లు వేచి ఉండే బఫర్ నిండితే, తరువాత వచ్చేవి రాలిపోతాయి. సిస్కో స్విచ్ అయితే `show interfaces` ఇచ్చి, సర్వరు ఉన్న పోర్టు దగ్గర `Total output drops` అన్న అంకె బ్యాకప్ వేళ పెరుగుతోందేమో చూడండి. సర్వరును పది గిగాబిట్ల పోర్టుకు మారిస్తే తీగ మీద పట్టే కాలం ఏడు నిమిషాల లోపుకు దిగుతుంది, అయితే సర్వరు డిస్కు అంత వేగంగా రాయగలగాలి.

ప్రసాద్: ప్యాకెట్ల విషయంలో నేను పొరబడ్డాను. అయితే మాట కోసం ‘నిరవరోధ’ అని వాడవచ్చు కదా, ఒక్క పదంలో సరిపోతుంది.

సుబ్బారావు: అందులోనూ ‘లోపల’ లేదు కదండీ.

ప్రసాద్: ఇంగ్లీషు మాటలోనూ లేదు. పరిభాష అన్నాక అర్థాన్నంతా మాటలోనే మోయించనక్కరలేదు, వాడుకలో స్థిరపడుతుంది.

ఉమ: విద్యార్థుల పాఠానికైతే మీ మాట సరిపోతుందేమో. పాలకమండలి మాత్రం దీన్ని ఒక్కసారే చదివి సంతకం చేస్తుంది. అందుకని ప్రస్తుతానికి ఇలా మార్చాను: ‘పోర్టులన్నీ ఒకేసారి పూర్తి వేగంతో పనిచేసినా స్విచ్ లోపల దారి చాలకపోవడం ఉండదు. అనేక కంప్యూటర్లు ఒకే పోర్టుకు పంపినప్పుడు మాత్రం ఆ పోర్టు వేగమే హద్దు.’ దీని కింద సర్వరుకు పది గిగాబిట్ల కార్డు కూడా అడుగుతూ మరో వాక్యం చేర్చాను.