ఫుల్ వీడియోలోంచి టీజర్ కట్ చేస్తే చప్పట్లు తప్పుతున్నాయి, ఏం చేయాలి?

అన్నా, ఎంగిలిపూల బతుకమ్మ నాడు హనుమకొండ వేయిస్తంభాల గుడి దగ్గర మా వాడ ఆడవాళ్ల ఆట తీశాను. ముందు 8 నిమిషాల ఫుల్ వీడియో కట్ చేసి, అదే టైమ్‌లైన్ కాపీ మీద 30 సెకన్ల టీజర్ చేశాను. షాట్లు రెండేసి సెకన్లకు కుదించేసరికి పాట ముక్కలైంది, వంగి కొట్టే చప్పట్లు సగంలో తెగుతున్నాయి.

ఇప్పుడు ఒకే చరణం ఆడియోను తెగకుండా కింద పరిచి, ప్రతి చప్పట్ల దగ్గర మార్కర్ పెట్టి, ఒరిజినల్ క్లిప్పుల నుంచే షాట్లు పేర్చాలనుకుంటున్నాను. కానీ వేరే చరణం షాట్లలో పెదవులు కలవడం లేదు. అక్కడ చేతులు, పూల క్లోజప్‌లే వాడాలా? అమ్మ తాంబాళం నెత్తిన ఎత్తుకునే షాట్ ఫుల్ వీడియోకే దాచాలా? అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి.