‘నాణ్యతకు మారుపేరు’ అనొచ్చా?

పర్లాకిమిడి టైలరమ్మ: పెళ్లిళ్ల సీజన్‌కి కరపత్రం వేయిస్తున్నాం. పైన పెద్ద అక్షరాల్లో ‘నాణ్యతకు మారుపేరు మా టైలరింగ్’, కింద ‘ప్రియమైన మహిళా సోదరీమణులకు విజ్ఞప్తి’ అని రాశాను. ‘మారుపేరు’ సరైన మాటేనా? రేపు ప్రెస్సుకి ఇవ్వాలి.

గుణుపురం కుర్రాడు: మారుపేరంటే దొంగపేరు కదండీ? ‘మారుపేరుతో తిరుగుతున్న నిందితుడు’ అని పేపర్లో రాస్తారు.

రాయగడ మాస్టారు: ఆ అర్థమూ ఉంది, కానీ ‘దానానికి కర్ణుడు మారుపేరు’ అని కూడా అంటాం. మాటలో తప్పు లేదమ్మా. చిక్కేమిటంటే, మీ షాపు పేరు తీసేసి ఆ లైను సిమెంటు కొట్టుకి తగిలించినా సరిపోతుంది. మీ గురించి ఏమీ చెప్పలేదన్నమాట. పెళ్లి జాకెట్టు ఇచ్చేవాళ్లకి దేని గురించి టెన్షన్?

పర్లాకిమిడి టైలరమ్మ: టైముకి వస్తుందా అనే. మేం 8వ రోజున ఇస్తాం. 6వ రోజున వేయించి చూస్తాం.

రాయగడ మాస్టారు: ఇదిగో మీ హెడ్డింగు: ‘పెళ్లి జాకెట్టు 8 రోజుల్లో. 6వ రోజున వేసి చూసుకోండి.’ అది చదివినావిడకి వెంటనే ‘బిగుతైతే?’ అన్న అనుమానం వస్తుంది. కింది మొదటి వాక్యం దానికి జవాబు కావాలి: ‘బిగుతైతే మిగతా రెండు రోజుల్లో సరిచేస్తాం, కూలి లేదు.’ విజ్ఞప్తి తీసేయండి. సోదరీమణులంటే ఎలాగూ మహిళలే.

ఇంకోటి. మన వాక్యంలో క్రియ చివర వస్తుంది. ‘మా వద్ద కుట్టించుకొను ప్రతి జాకెట్టుకు సవరణలు ఉచితముగా చేయబడును’ అని రాస్తే, అసలు కబురు వచ్చేలోపే కాగితం పకోడీ పొట్లమైపోతుంది. ‘కూలి లేదు’ లాంటి చిన్న ముక్కలే నయం.

బరంపురం పెద్దాయన: ప్రాస లేకపోతే ఎవరికి గుర్తుంటుందండీ? ‘కుట్టు మాది, కట్టు మీది’ అని వేయండి.

రాయగడ మాస్టారు: బాగా కుదిరింది, బోర్డు మీద షాపు పేరు కింద వేసుకోవచ్చు. ముహూర్తం దగ్గరపడినావిడకి మాత్రం అందులో కబురు లేదు.

కోరాపుట్ అక్క: మా అమ్మాయి శుభలేఖలో ‘ఆహ్వానించుచున్నాము’ అనాలా, ‘ఆహ్వానిస్తున్నాం’ అనాలా?

రాయగడ మాస్టారు: వాడుకభాష కోసం పోరాడిన గిడుగువారు పాఠాలు చెప్పిన ఊరు పర్లాకిమిడి. రెండోదే వేయండి తల్లీ.

పర్లాకిమిడి టైలరమ్మ: ఒకేసారి అరవై జాకెట్లు వచ్చిపడి 8వ రోజు తప్పితే? మేమిద్దరం కలిసి రోజుకి ఐదే కుట్టగలం.

రాయగడ మాస్టారు: తప్పితే ఆ కాగితమే పట్టుకొచ్చి మీ మొహాన పెడతారు. అందుకని ‘రోజుకి 5 జాకెట్లే తీసుకుంటాం. 8వ రోజున ఇస్తాం’ అనండి. ఐదే తీసుకుంటారని తెలిశాక ఎనిమిదో రోజు మాట నమ్ముతారు.

బరంపురం పెద్దాయన: వచ్చిన బేరాన్ని పొమ్మని అచ్చేయిస్తారా?

గుణుపురం కుర్రాడు: సగం కాగితాలు ‘8 రోజుల్లో’ హెడ్డింగుతో, సగం ‘రోజుకి 5 జాకెట్లే’ హెడ్డింగుతో వేసి, ప్రతి వీధిలో రెండూ కలిపి పంచండి. కాగితం తెస్తే హుక్కులు ఉచితం అని కింద రాయండి. ఏవి ఎక్కువ వెనక్కొచ్చాయో లెక్కపెట్టొచ్చు.

పర్లాకిమిడి టైలరమ్మ: మా ఆయనా పెద్దాయన మాటే అంటున్నారు. రెండు రకాలూ వేయిస్తాను. ప్రెస్సువాడు రెండు డిజైన్లకి రెండు రేట్లు అడుగుతున్నాడు, అదే బాధ.