అప్‌డేట్: ఆల్కహాల్ లేని బీరు సంగతి

"నాకు అయిదో నెల. మావారు మందు మానేసి ఎనిమిది నెలలు. ఆల్కహాల్ లేని బీరు ఇద్దరం తాగొచ్చా?" అని అడిగాను.

సీసా వెనక చిన్న అక్షరాల్లో 0.5% లోపు అని ఉంది. అంటే 330 మి.లీ.లో 1.65 మి.లీ. దాకా ఆల్కహాల్ ఉండొచ్చు. మత్తు రాదు కానీ, కడుపులో బిడ్డకు ఇంతవరకు ఫర్వాలేదని తేలిన మోతాదు లేదన్నారు డాక్టరమ్మ. నేను నిమ్మసోడాకే పరిమితం.

మావారు 0.0 రకం తెచ్చుకున్నారు. అసలు చిక్కు అక్కడే వచ్చింది. మూత తీసిన చప్పుడు, నురగ, ఆ చేదు వాసన. రెండో రోజు సరిగ్గా పాత టైముకే, ఏడింటికి, పల్లీలు వేయించమన్నారు. మూడో రోజు "ఇందులో కిక్కే లేదు" అంటూ బండి తాళాలు వెతికారు. నాకు ఒకటే టెన్షన్. కౌన్సెలర్‌కి ఫోన్ చేస్తే, శాతం సున్నా అయినా ఆ వాసనకే పాత కోరిక లేస్తుందన్నారు. మిగిలిన సీసాలు ఆయనే సింకులో పోశారు.